భాష మీద అడిగితే: ఇంటర్వ్యూకి వెళ్తున్న మేనకోడలికి

టి.నగర్, చెన్నై

చిరంజీవి మేనకోడలికి,

మామయ్య ఆశీస్సులు. శనివారం అన్నానగర్‌లో నీ సివిల్స్ మాక్ ఇంటర్వ్యూ అయ్యాక తీరిగ్గా ఫోన్ చేస్తానన్నాను. ఫోన్‌లో అయితే నువ్వు మధ్యలో "అది కాదు మామయ్యా" అంటావు, నేను చెప్పాలనుకున్నది మరిచిపోతాను. అందుకని కాగితం మీద పెడుతున్నాను. మిగతా ఇంటర్వ్యూ గురించి నాకు బెంగ లేదు. నీ ఆప్షనల్, నీ ఉద్యోగం, చెన్నై వరదలు, అన్నీ బాగానే చెప్పావు. ఒక్క భాష ప్రశ్న దగ్గర నాలుగైదు నిమిషాలు నువ్వు నువ్వులా లేవు. ఆ నాలుగైదు నిమిషాల గురించే ఈ ఉత్తరం.

ముందు ఏం జరిగిందో నీకు మళ్లీ గుర్తుచేస్తాను. లోపల కూర్చున్నవాళ్లకి ఒకలా కనపడుతుంది, చూసేవాళ్లకి ఇంకోలా కనపడుతుంది. రెండో మెంబరు నీ డాఫ్, అంటే నువ్వు నింపిన దరఖాస్తు చూసి, "పుట్టింది చెన్నై, చదివింది చెన్నై, మాతృభాష తెలుగు. బడిలో మూడు భాషలు నేర్పాలన్న సూత్రాన్ని తమిళనాడు ఒప్పుకోనంటోంది. అది సరైనదేనా?" అన్నాడు. నువ్వు వెంటనే, అంటే ఆయన మాట పూర్తికాకుండానే, "సార్, ఇందులో రెండు వైపులా బలమైన వాదనలున్నాయి, సమతుల్యంగా ముందుకెళ్లాలి" అన్నావు. ఆయన నవ్వి, "అంటే మీకు అభిప్రాయం లేదన్నమాట" అన్నాడు. అక్కడ నీకు పౌరుషం వచ్చింది. "లేదు సార్, కొత్త విద్యావిధానం హిందీని తప్పనిసరి చేస్తోంది, అది తప్పు" అన్నావు. ఆయన అదే నవ్వుతో, "మరి మీ తెలుగు పిల్లల చేత ఇక్కడ తమిళం తప్పనిసరిగా చదివిస్తున్నారు. అది తప్పు కాదా?" అన్నాడు. నువ్వు "బట్ సార్" అని మొదలుపెట్టి, "అది వేరు సార్" అని, ఎలా వేరో చెప్పలేక, చున్నీ కొస వేలికి చుట్టుకుంటూ ఉండిపోయావు. తర్వాత గొంతు పైకి వెళ్లింది, వేగం పెరిగింది.

దీన్ని అందరూ టెన్షన్ అంటారు. బావ కూడా బయటికొచ్చాక "కాస్త టెన్షన్ పడింది, అంతే" అన్నాడు. నేనొప్పుకోను. టెన్షన్ అయితే మొదటి ప్రశ్నకే ఉండాలి. నువ్వు మొదటి పది నిమిషాలు హాయిగా మాట్లాడావు. నీ కాలు జారింది భయం వల్ల కాదు, ఆ విషయంలో నువ్వు ఎక్కడ నిలబడాలో ముందుగా తేల్చుకోకపోవడం వల్ల. అక్కడికక్కడ అభిప్రాయం తయారు చేసుకోబోయావు, అదీ ఒక మనిషి ఎదురుగా కూర్చుని ఎగదోస్తుంటే. ఎవరికైనా గొంతు లేస్తుంది. ఊపిరి పీల్చి వదలడం, నీళ్లు తాగడం లాంటి చిట్కాలు దీనికి పనిచెయ్యవు. ఇంటి దగ్గర కూర్చుని తేల్చుకున్న అభిప్రాయం ఉంటే ఊపిరి దానంతటదే నెమ్మదిస్తుంది.

యూపీఎస్సీ నోటిఫికేషన్‌లో ఈ పర్సనాలిటీ టెస్టు గురించి ఒక పేరా ఉంటుంది, అది చాలామంది చదవరు. ఇది కోర్టులో సాక్షిని నిలదీసే విచారణ లాంటిది కాదు, ఒక ఉద్దేశంతో నడిపించే సహజమైన సంభాషణ అని అందులో ఉంటుంది. చూసే గుణాల్లో విచక్షణలో తూకం ఒకటి, మేధోపరమైన, నైతికమైన నిజాయితీ ఒకటి. ఈ రెండూ ఒకే ప్రశ్నలో కలిసి పరీక్షకొచ్చేది ఇలాంటి చోటే. "రెండు వైపులా వాదనలున్నాయి" అంటే తూకం అనుకుంటాం. కానీ అక్కడితో ఆగిపోతే నిజాయితీ దగ్గర మార్కు పోతుంది. "ఇది తప్పు" అని గట్టిగా అంటే నిజాయితీ అనుకుంటాం. అవతలివాడి వాదన నీకు తెలియదని తేలిపోతే తూకం పోతుంది. 275 మార్కుల్లో ఈ ఒక్క ప్రశ్నకి ఇన్ని అని ఎవరూ విడిగా వెయ్యరు, అరగంట అటూ ఇటూగా సాగిన మొత్తం సంభాషణకి వేస్తారు. అయినా ఇలాంటి నాలుగు నిమిషాలు మిగతా ఇరవై ఐదు నిమిషాల రంగు మార్చేస్తాయి.

ఇప్పుడు నీ ప్రశ్ననే తీసుకుందాం. దీన్ని ముందు నుంచీ కట్టుకొద్దాం.

మొదట నిజాలు. నువ్వు చేసిన పెద్ద పొరపాటు అభిప్రాయంలో లేదు, నిజంలో ఉంది. 2020 జాతీయ విద్యావిధానం హిందీని తప్పనిసరి చెయ్యలేదు. మూడు భాషలుండాలి, వాటిలో కనీసం రెండు భారతీయ భాషలై ఉండాలి, ఏ రాష్ట్రం మీదా ఏ భాషనూ బలవంతంగా పెట్టేది లేదు అని అందులో ఉంది. శనివారం బోర్డులో ఎవరూ నిన్ను అక్కడ పట్టుకోలేదు. ఢిల్లీలో అసలు ఇంటర్వ్యూలో పట్టుకుంటారు. ఒక్కసారి నిజం తప్పని తేలితే తర్వాత నువ్వు చెప్పే ఏ అభిప్రాయానికీ కాళ్లుండవు. అదే సమయంలో తమిళనాడు ఏమంటోందో కూడా తెలియాలి. కాగితం మీద ఏ భాషైనా అని ఉన్నా, టీచర్లు దొరికేదాన్ని బట్టి ఆచరణలో ఆ మూడో భాష హిందీయే అవుతుందని వాళ్ల వాదన. నిధులను విధానానికి ముడిపెడుతున్నారని వాళ్ల ఫిర్యాదు. కేంద్రం బడులకిచ్చే సమగ్ర శిక్ష నిధుల విషయంలో ఆ రాష్ట్రం 2025లో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఆ కేసు సంగతి నువ్వు రైలెక్కే ముందు రోజు మళ్లీ చూసుకో.

వెనకటి చరిత్ర నీకు మరీ ఎక్కువ అక్కర్లేదు, నాలుగు మెట్లు చాలు. రాజ్యాంగం 343వ అధికరణం హిందీని కేంద్రానికి అధికార భాష అంది, ఇంగ్లీషుకి పదిహేనేళ్లు ఇచ్చింది. ఆ గడువు 1965లో ముగుస్తుండగా ఇక్కడ మద్రాసులో పెద్ద ఆందోళన జరిగింది. 1963 చట్టానికి 1967లో సవరణ చేసి, హిందీని అధికార భాషగా తీసుకోని రాష్ట్రాల శాసనసభలన్నీ తీర్మానం చేసేదాకా కేంద్రంలో ఇంగ్లీషు కొనసాగుతుందని హామీ ఇచ్చారు. 1968లో జాతీయ విద్యావిధానం మూడు భాషల సూత్రం పెట్టింది. అదే ఏడు తమిళనాడు శాసనసభ రెండు భాషలే చాలంది. 1976లో 42వ సవరణతో విద్య ఉమ్మడి జాబితాలోకి వెళ్లింది, కాబట్టి కేంద్రానికి ఇందులో మాట లేదని ఎవరూ అనలేరు, రాష్ట్రానికి లేదనీ అనలేరు. ఇంత తెలిస్తే చాలు. ఇంతకన్నా ఎక్కువ తేదీలు బట్టీ పడితే అవన్నీ ఒకేసారి చెప్పెయ్యాలనిపిస్తుంది. అదొక జబ్బు.

నిజాల తర్వాత అవతలి పక్షం. ఇక్కడ నేను అందరి చేతా చేయించే పని ఒకటుంది. నువ్వు ఏ వైపున్నావో దానికి ఎదుటి వైపు వాదన ఐదు వాక్యాల్లో, చేత్తో, ఆ వైపు మనిషి చెప్పినట్టే రాయి. తర్వాత ఆ వైపు మనిషి ఒకరికి చూపించు. నీ కాలేజీ స్నేహితురాలు మైలాపూరు అమ్మాయి ఉందిగా, రెండు భాషలే చాలని గట్టిగా వాదిస్తుంది, తనకి చూపించు. చదివి "అవును, మేమనేది ఇదే" అంటే పాసైనట్టు. "మేమెప్పుడన్నాం ఇలా?" అంటే మళ్లీ రాయి. అలాగే మూడు భాషలూ ఉండాలనేవాళ్లకీ చూపించు. నెల్లూరులో మీ పిన్ని కొడుకు హిందీ రావడం వల్లే పుణేలో ఉద్యోగంలో నిలదొక్కుకున్నానంటాడు. ఆంధ్రలో, తెలంగాణలో పిల్లలు మూడు భాషలూ చదువుతున్నారు, వాళ్ల తెలుగు ఏమీ చచ్చిపోలేదన్నది వాడి వాదన. దానికి జవాబుగా తమిళులు చెప్పేది కూడా వినాలి. హిందీ రాష్ట్రాల్లో మూడో భాషగా దక్షిణాది భాష నేర్పించడం ఎప్పుడూ సరిగ్గా జరగలేదు, చాలాచోట్ల సంస్కృతంతో సరిపెట్టారు, అందుకే బరువంతా ఒకవైపే పడిందంటారు. ఇది గట్టి వాదన. మూడు భాషలు కావాలనేవాళ్లు కూడా దీన్ని కాదనలేరు.

ఇక మూడోది, అసలైంది. నువ్వెక్కడ నిలబడతావు? ఇది నేను చెప్పకూడదు. నా అభిప్రాయం నీ నోట్లో పెడితే రెండో ప్రశ్నకే బయటపడుతుంది. కానీ ఎలా తేల్చుకోవాలో చెప్తాను. ఒక సూత్రం పట్టుకో, దాన్ని నీ వాళ్ల మీద పెట్టి చూడు, నీ వాళ్లు కానివాళ్ల మీద పెట్టి చూడు. రెండు చోట్లా అదే తీర్పు వస్తే ఆ సూత్రం నిలుస్తుంది. తెలుగు పిల్లకి ఒక న్యాయం, తమిళ పిల్లకి ఒక న్యాయం వస్తోందంటే అది అభిప్రాయం కాదు, అభిమానం. ఆ మెంబరు సరిగ్గా అక్కడే వేలు పెట్టాడు. "మీ తెలుగు పిల్లల సంగతేంటి?" అని అడిగింది నిన్ను రెచ్చగొట్టడానికి కాదు. నీ సూత్రం నీ ఇంటి గుమ్మం దాటి లోపలికొచ్చాక కూడా అలాగే ఉంటుందా అని చూశాడు. డాఫ్ చేతిలో పెట్టుకున్న బోర్డు వివాదాస్పద ప్రశ్నలు చాలావరకు ఇలాగే అడుగుతుంది. గాల్లోంచి తియ్యదు, నీ ఊరు, నీ భాష, నీ చదువు, నీ ఇంటిపేరు వీటిలోంచి తీస్తుంది.

ఆ తెలుగు పిల్లల సంగతి కూడా నీకు పైపైనే తెలుసు. 2006లో తమిళనాడు చేసిన తమిళ అభ్యసన చట్టం ప్రకారం ఒకటో తరగతి నుంచి ఏడాదికో తరగతి చొప్పున తమిళం తప్పనిసరి అయింది. హోసూరు, కృష్ణగిరి వైపు తెలుగు మీడియం బడుల్లో చదివే పిల్లలు పదో తరగతికొచ్చేసరికి ఇది పరీక్ష సమస్యగా, కోర్టు కేసులుగా మారింది. రాజ్యాంగంలో 350ఎ అని ఒకటుంది, 1956లో ఏడో సవరణతో వచ్చింది. భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకి ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే సదుపాయం కల్పించడానికి ప్రతి రాష్ట్రమూ ప్రయత్నించాలంటుంది. ఇది తెలియకుండా చెన్నైలో పుట్టిన తెలుగమ్మాయి భాష మీద మాట్లాడితే బాగుండదు.

ఇప్పుడు ఉదాహరణకి ఒక జవాబు నడిపి చూపిస్తాను. నువ్వు ఇంగ్లీషులో చెప్తావు కాబట్టి మాటలు నీవే పెట్టుకో, నడక మాత్రం చూడు. నువ్వు చిన్నప్పుడు ఇక్కడే మా వీధి దాటి దక్షిణ భారత హిందీ ప్రచార సభకి వెళ్లి ప్రాథమిక్, మధ్యమ, రాష్ట్రభాష రాశావు. అది డాఫ్‌లో కూడా పెట్టావు. ఆ సభని గాంధీగారు మొదలుపెట్టింది 1918లో. ఈ ఊళ్లో ఎన్ని గొడవలైనా పిల్లలు అక్కడికి వాళ్లంతట వాళ్లు వెళ్లి నేర్చుకుంటూనే ఉన్నారు. నీ దగ్గర ఇంత మంచి సొంత అనుభవం ఉండగా "సమతుల్యం" అన్న మాట ఎందుకు నీకు?

మెంబరు: "తమిళనాడు ఒప్పుకోననడం సరైనదేనా?"

మూడు లెక్కపెట్టేంత సేపు ఆగు. తర్వాత: "సార్, మూడో భాష నేర్చుకునే అవకాశం ప్రతి ప్రభుత్వ బడిలోనూ ఉండాలని నా అభిప్రాయం. తప్పనిసరి చెయ్యాలా వద్దా అన్నది రాష్ట్రానికి వదిలెయ్యాలి. నేను హిందీ ఇదే ఊళ్లో, ఎవరూ చెప్పకుండా, ఇష్టంగా నేర్చుకున్నాను. కాబట్టి తమిళనాడు తప్పనిసరి వద్దనడాన్ని నేను అర్థం చేసుకోగలను. కానీ ప్రైవేటు బడిలో చదివే పిల్లకి దొరికే అవకాశం ప్రభుత్వ బడి పిల్లకి దొరకకపోవడం మాత్రం సరి కాదనిపిస్తుంది."

అంతే. ముప్పావు నిమిషం. మొదటి వాక్యంలోనే నువ్వెక్కడున్నావో తెలిసిపోయింది. రాష్ట్రంతో దేనికి ఏకీభవిస్తున్నావో, ఎక్కడ విభేదిస్తున్నావో రెండూ ఉన్నాయి. సొంత కారణం ఒకటుంది. దీని తర్వాత ఇంకేదో చెప్పాలని నోరు తెరుచుకుంటుంది చూడు, అప్పుడు మూసెయ్యి. ఖాళీ నింపడం వాళ్ల పని.

మెంబరు: "మరి కృష్ణగిరిలో తెలుగు పిల్లకి తమిళం తప్పనిసరి. అప్పుడేమంటారు?"

"సార్, ఆ పిల్ల ఉండేది తమిళనాడులో. ఆస్పత్రిలో, తాలూకా ఆఫీసులో తమిళం లేకపోతే ఇబ్బంది పడేది ఆ పిల్లే. కాబట్టి రాష్ట్ర భాష నేర్పడం నాకు తప్పుగా అనిపించదు. కానీ దానికోసం తెలుగు చదువుకునే సదుపాయం తగ్గిపోకూడదు. 350ఎ ఉద్దేశం అదే. టీచర్లు సరిపడా లేకుండా పరీక్ష తప్పనిసరి చేస్తే నష్టపోయేది పిల్లలు."

మెంబరు, కొంచెం ముందుకు వంగి: "అంటే రాష్ట్రం తప్పనిసరి చేస్తే ఒప్పు, కేంద్రం చేస్తే తప్పా? మాటలు మారుస్తున్నారు."

ఇదీ అసలు దెబ్బ. ఇక్కడే శనివారం నీ గొంతు లేచింది. నిజం చెప్పాలంటే ఇది న్యాయమైన దెబ్బే. నీ జవాబులో ఆ కంత ఉంది. కంతని ఒప్పుకోవడానికి భయపడకు: "సార్, మీరన్నది నిజంగానే ఇబ్బందైన ప్రశ్న. నేను గీత గీసేది ఎవరు తప్పనిసరి చేశారన్న దాని మీద కాదు, ఆ భాష లేకుండా ఆ పిల్లకి రోజు గడుస్తుందా లేదా అన్న దాని మీద. కృష్ణగిరిలో తమిళం లేకుండా గడవదు. చెన్నై పిల్లకి హిందీ లేకుండా గడుస్తుంది, వస్తే మాత్రం చాలా లాభం. అందుకే ఒకటి తప్పనిసరి, ఒకటి అవకాశం అన్నాను. ఈ గీత ఇంకోచోట పెట్టేవాళ్లూ ఉంటారని ఒప్పుకుంటాను."

చూశావా, ఎక్కడా వెనక్కి తగ్గలేదు, ఎక్కడా ఎగబడలేదు. ఇంతకన్నా వాదన గెలవక్కర్లేదు. గెలిచి బయటికి రావాలని వెళ్లేవాళ్లు చాలామంది ఉన్నారు, కోచింగ్‌లో డిబేటు ప్రైజులొచ్చినవాళ్లు మరీను. అవతల కూర్చున్నవాళ్లకి రేపు తమ జిల్లాలో ఒక ఆఫీసరు కావాలి, వకీలు కాదు.

వాళ్లు నెట్టే నెట్టుళ్లు మూడు రకాలుగా ఉంటాయి. ఏది ఏదో గుర్తుపడితే సగం పని అయిపోయినట్టే. మొదటిది, నీకు తెలియని కొత్త విషయం చెప్పి అడగడం. "ఈ విషయం నాకు తెలియదు సార్. అది అలా అయితే నా జవాబులో ఈ భాగం మారుతుంది" అని ఏ భాగమో చెప్పు. మార్చుకోవడం ఓటమి కాదు. కొత్త నిజం వచ్చినా మారకపోవడమే వాళ్లకి చెడ్డగా కనపడుతుంది. రెండోది, కొత్తదేమీ చెప్పకుండా అదే ప్రశ్న ఇంకాస్త గట్టిగా అడగడం, తల అడ్డంగా ఊపడం. ఇక్కడ మారకూడదు. "సార్, మీరు ఏకీభవించకపోవచ్చు, ఇప్పటికి నా అభిప్రాయం ఇదే" అని కారణం ఒక్కసారి చెప్పి ఊరుకో. కొత్త వాదనలు వెతుక్కోకు. వెతికితే దొరికేవి పేలవంగానే ఉంటాయి, వాళ్లు ఆ పేలవమైనదాన్నే పట్టుకుంటారు. మూడోది, ప్రశ్నలో ముల్లు. "మీ తెలుగువాళ్లు ఎక్కడికెళ్తే అక్కడి పాట పాడతారుగా" లాంటిది. ముల్లుని వదిలేసి లోపలి ప్రశ్నకే జవాబు చెప్పు. నవ్వొస్తే నవ్వు, రాకపోతే అక్కర్లేదు. మన జాతి గౌరవాన్ని యూపీఎస్సీ ఉండే ఢోల్‌పూర్ హౌస్‌లో కాపాడాల్సిన పని నీకు పెట్టలేదు ఎవరూ.

తల ఊపే మెంబర్ల గురించి ఇంకో మాట. ఆయన అడిగిన ప్రశ్న ఆయన అభిప్రాయం అనుకోకు. ఒక మెంబరు ఏ పక్షం వాదించినా అది నిన్ను చూడ్డానికి వేసుకున్న వేషం కావచ్చు. కోచింగ్ సెంటర్లలో ఫలానా ఛైర్మన్ ఇలా, ఫలానా బోర్డు అలా అని పుకార్లు తిరుగుతుంటాయి. నీకు ఏ బోర్డు పడుతుందో ఆ రోజు అక్కడికెళ్లాకే తెలుస్తుంది. ఛైర్మన్ పక్కన ఉండే నలుగురు ఎవరో అసలే తెలియదు. వాళ్ల రాజకీయం ఊహించి జవాబు వంచడం మొదలుపెడితే ఒకరికి నచ్చాలని చెప్పింది పక్కాయనకి నచ్చదు, మధ్యలో నీ మాటే నీకు గుర్తుండదు. మాక్ బోర్డుల్లో ఇది ఎన్నిసార్లు చూశానో. అలాంటి పిల్లలు మాట్లాడుతూ కళ్లతో ఒక్కొక్కరి ముఖమూ వెతుకుతుంటారు.

తర్వాత తప్పకుండా వచ్చే ప్రశ్న: "మీరు కలెక్టరు. మూడో భాష తప్పనిసరి అని మీ ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. తల్లిదండ్రులు మీ ఆఫీసు ముందు బైఠాయించారు. ఏం చేస్తారు?" ఇందాకటి ప్రశ్న పౌరురాలిగా అడిగింది, ఇది ఆఫీసరుగా అడిగింది. కుర్చీ మారింది. ఇక్కడ రెండు రకాల వాళ్లు దెబ్బతింటారు. ఒకరు ఇందాక చెప్పిన అభిప్రాయాన్ని మింగేసి "ప్రభుత్వం చెప్పిందే సరైనది సార్" అంటారు. ఇంకొకరు "నా మనస్సాక్షి ఒప్పుకోకపోతే రాజీనామా చేస్తాను" అంటారు. భాషా టీచర్ల ఉత్తర్వుకి రాజీనామా ఏమిటి! చట్టబద్ధమైన ఉత్తర్వు కాబట్టి అమలు చేస్తానను. మొదట బయటికెళ్లి వాళ్లలో నలుగుర్ని లోపలికి పిలిచి కూర్చోబెట్టి వింటానను. ఎన్ని బడుల్లో ఆ టీచరు లేడో డీఈఓ చేత లెక్క తీయిస్తానను, ఆ లెక్కతో ప్రభుత్వానికి రాతపూర్వకంగా పంపుతానను. మీ వ్యక్తిగత అభిప్రాయం ఏమైందని అడిగితే, అది ఫైలు మీద నోట్‌లో పైవాళ్లకి చెప్పే విషయం, ఆఫీసు మెట్ల మీద మైకులో చెప్పేది కాదను. ఆలిండియా సర్వీసుల ప్రవర్తనా నియమాలు, 1968 నాటివి, ఒకసారి తిరగెయ్యి. రాజకీయాలకి దూరంగా ఉండాలన్నదీ, ప్రభుత్వాన్ని బహిరంగంగా విమర్శించకూడదన్నదీ అందులోనే ఉన్నాయి. నంబర్లు చెప్పనక్కర్లేదు, ఉద్దేశం తెలిస్తే చాలు.

ఏమీ తెలియని ప్రశ్న వస్తే? సమాచారం అడిగితే "తెలియదు సార్" అని చెప్పడం సులువు, అది నీకు బాగానే వచ్చు. అభిప్రాయం అడిగినప్పుడు "తెలియదు" అంటే బాగుండదు. "దీని మీద నేను తగినంత చదవలేదు సార్, చదివినంతలో ఇటు మొగ్గుతున్నాను" అని ఒక కారణం చెప్పు. మొత్తం ఇంటర్వ్యూలో ఇది ఒక్కసారి చెల్లుతుంది. రెండోసారి చెప్తే తప్పించుకుంటున్నట్టు ఉంటుంది. మాటల ఎంపిక కూడా చూసుకో. ఒక పక్షం వాళ్ల నినాదంలో ఉన్న మాటతో మొదలుపెడితే నువ్వు చెప్పబోయేది వినకముందే నీకు జెండా కట్టేస్తారు.

సాధన ఎలా చెయ్యాలంటావా. శనివారం రికార్డింగ్ నీ ఫోన్‌లో ఉంది కదా. మొత్తం వినకు, విసుగొస్తుంది. ప్రతి ఎదురు ప్రశ్న తర్వాత నీ మొదటి ఐదు సెకన్లు మాత్రం విను. ఎన్నిచోట్ల వాళ్ల మాట పూర్తికాకముందే మొదలుపెట్టావో, ఎన్నిచోట్ల మొదటి మాట "బట్" అయిందో చూడు. గొంతు, చేతులు, చున్నీ అన్నీ ఆ ఐదు సెకన్ల తర్వాతే మొదలవుతాయి. వాటిని విడిగా సరిచెయ్యక్కర్లేదు. ప్రశ్న చివరి మాట పడేదాకా ఆగడం వస్తే చాలావరకు అవే సర్దుకుంటాయి.

ఇదే పద్ధతిలో నువ్వే ఇంకొకటి కట్టుకుని తీసుకురా. నీకు ఇది వచ్చి తీరుతుందని నా అనుమానం: భాషాప్రయుక్త రాష్ట్రాలు దేశానికి మేలు చేశాయా, చీల్చాయా? పొట్టి శ్రీరాములుగారు ప్రాణం వదిలింది ఈ ఊళ్లోనే, 1952 డిసెంబరు 15న, 58 రోజుల దీక్ష తర్వాత. మైలాపూరులో ఆయన స్మారక భవనం ఉంది, నువ్వు చూడకపోతే ఒక పూట వెళ్లిరా. భాషాప్రయుక్త రాష్ట్రాలు వద్దన్న ధర్ కమిషన్ 1948లో ఏమందో కూడా అంతే శ్రద్ధగా చదువు. 2014లో ఒకే భాష మాట్లాడేవాళ్లు రెండు రాష్ట్రాలయ్యారు, దాన్ని నీ సూత్రంలో ఎక్కడ పెడతావో చూసుకో. "నిరాహార దీక్షకి లొంగి ప్రభుత్వం నిర్ణయం తీసుకోవచ్చా?" అన్నది దాని వెనకాలే వస్తుంది. ఆయన మన మనిషి కాబట్టి అవునని, రేపు నీ ఆఫీసు ముందు ఇంకెవరో కూర్చుంటే కాదని అనడానికి వీల్లేదు మరి.

ఒకటి మరిచాను. శనివారం భాష ప్రశ్న అయ్యాక మూడో మెంబరు మీ మేడ మీద మొక్కల గురించి అడిగాడు. ఆయన నీకు ఊపిరి తీసుకోమని ఇచ్చిన ప్రశ్న అది. నువ్వు ఇంకా వెనకటి యుద్ధంలోనే ఉండి "కరివేపాకు, మల్లె, అంతే సార్" అని తెంపేశావు. కరివేపాకుకి పట్టిన పురుగు గురించి మీ అత్తయ్యతో గంటసేపు మాట్లాడే పిల్లవి! ప్రశ్న మారగానే మనిషి వైపు తిరుగు, అడుగుతున్న ఆయన్ని చూడు. పాత జవాబు ఎలా చెప్పానో అని లెక్కలు వేసుకోవడం రైల్లో వేసుకోవచ్చు, ఢిల్లీ నుంచి చెన్నైకి కావాల్సినంత టైముంటుంది.

గురువారం సాయంత్రం ఆరింటికి డాఫ్ కాపీలు రెండు పట్టుకుని ఇంటికి రా. కింద వాటాలో ఉండే హెడ్మాస్టరుగారిని కూడా కూర్చోమన్నాను. ఆయన 1965లో కాలేజీ కుర్రాడు, ఊరేగింపుల్లో తిరిగినవాడు. భాష విషయంలో ఆయన వేషం వెయ్యడు, నిజంగానే అడుగుతాడు, నిజంగానే కోప్పడతాడు. మీ నాన్నని మాత్రం తీసుకురాకు. నీ బదులు ఆయన జవాబు చెప్పేస్తాడు.

ఇట్లు
మామయ్య